మాటల్లేని చీలిక

కోతల మాస్టారి ఇంట్లో ఇద్దరు మగాళ్ళు దిగారని పక్కింటావిడ అనుమానం. ఒకరిది బొంగురు గొంతు, ఇంకొకరిది ముక్కుతో మాట్లాడే గొంతు. పొద్దున్న మొదలెడితే మధ్యాహ్నం దాకా ఒకటే కబుర్లు. గుమ్మం ముందు చెప్పులు మాత్రం ఒక్క జతే.

"చుట్టాలొచ్చినట్టున్నారు అన్నయ్యగారూ," అందావిడ, పాల ప్యాకెట్ల కోసం ఇద్దరూ ఒకేసారి తలుపులు తీసినప్పుడు.

"వచ్చారమ్మా. ఇద్దరు."

"మరి భోజనాలవీ? మీరొక్కరే వండుకోవాలి పాపం."

"వాళ్ళేమీ తినరు. నా బుర్ర తింటున్నారు, దాంతో వాళ్ళకి సరిపోతోంది."

"చాలా తక్కువ తింటారన్నమాట," అని ఆవిడ తలుపేసుకుంది.

మాస్టారు గుమ్మంలోనే కాసేపు నిలబడ్డాడు. జోకుకి జోకు తిరిగొచ్చి చాలాకాలమైంది. ఇంకోటి సిద్ధం చేసుకునేలోపు అవతల గడియ పడింది.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. చుట్టాలు నిజంగానే హాల్లో ఉన్నారు. కాకపోతే నేల మీద, ముక్కలు ముక్కలుగా ఉన్నారు. ఒకాయన పసుపు కాగితం, ఒకాయన నీలం కాగితం.

మాస్టారు డాక్యుమెంటరీలు తీస్తాడు. కోతల మాస్టారని పేరు పెట్టింది ఆయన ఎడిటరమ్మ. కత్తెరతో కోస్తాడనా, నోటితో కోస్తాడనా అని ఎవరైనా అడిగితే, "కత్తెరకి రెండు రెక్కలుంటాయి కదండీ," అంటుంది. పెళ్ళి చేసుకోలేదు. పెళ్ళిచూపుల్లో ఒక జోకు వేశాడనీ, అమ్మాయి నవ్వలేదనీ, ఊరంతా నవ్విందనీ ఆయనే చెప్పుకుంటాడు. ఇప్పుడు ఇంట్లో ఆయన మాటలకి ఊ కొట్టేది పైన ఫ్యాను ఒక్కటే. అదీ మూడో నంబరు మీద పెడితేనే.

ఆయన పద్ధతి పాతది. షూటింగు అయ్యాక అందరూ కంప్యూటరు ముందు కూర్చుంటే ఈయన నేల మీద కూర్చుంటాడు. ముందుగా ఇంటర్వ్యూలన్నీ అక్షరం పొల్లుపోకుండా టైపు చేయిస్తాడు. ప్రతి పేజీకి ఎడమ అంచున అంకెలుంటాయి: గంట, నిమిషం, సెకను. ఆ మాట రికార్డింగులో ఎక్కడుందో చెప్పే చిరునామా అది. ఆ ప్రతిని ముట్టుకోడు, బీరువాలో పెడతాడు. "అసలు ఉంటేనే కదా వడ్డీ," అంటాడు. కత్తెర పడేది జిరాక్సు మీద. ఒక్కో మనిషికి ఒక్కో రంగు కాగితం. పనికొచ్చే మాట కనబడగానే కోసి, వెనక మనిషి పేరూ, మొదలూ చివరా అంకెలూ రాస్తాడు. మాట తప్పినా ఫరవాలేదు, అంకె తప్పితే మాటే తప్పిపోతుంది. మాటలున్న చీలికల మధ్య తెల్ల చీటీలు పెడతాడు, అక్కడ ఏ బొమ్మ కనబడాలో రాసి: నది, రేవు, తుప్పు పట్టిన చక్రం. తర్వాత అన్నీ వరసగా పేర్చి, గడియారం చూసుకుంటూ పైకి చదువుతాడు. చదివితేనే సినిమా ఎంత పొడవుందో, ఎక్కడ ఆవలింత వస్తుందో తెలుస్తుంది. చెవికి నచ్చేదాకా ముక్కలు జరుపుతూనే ఉంటాడు. దాన్ని పేపర్ ఎడిట్ అంటారు. అదయ్యాకే ఎడిటరమ్మ కంప్యూటరు తెరవాలి.

"మాస్టారూ, మెషీన్లో వేసి లాగితే రెండు రోజుల పని. మీరు నెలల తరబడి నేల మీద ముగ్గులేస్తారు," అంటుందావిడ ఫోన్లో.

"కాగితం మీద ఏడిస్తే కాగితమే తడుస్తుంది. మెషీన్ మీద ఏడిస్తే షాకు కొడుతుందమ్మాయ్."

ఈసారి సినిమా ఒక లాంచి గురించి. నదికి ఆ గట్టు నుంచి ఈ గట్టుకి ముప్ఫై ఏళ్ళు మనుషుల్నీ, సైకిళ్ళనీ, మేకల్నీ దాటించింది. వంతెన వచ్చింది, దాని వంతు అయిపోయింది. ఇనప సామాను కింద అమ్మేశారు. మిగిలింది దాన్ని నడిపిన ఇద్దరు ముసలాళ్ళు. పైన చక్రం పట్టుకున్న సరంగు పసుపు కాగితం. కింద యంత్రం చూసుకున్న ఇంజన్ డ్రైవరు నీలం కాగితం.

సరంగు పెళ్ళాడింది ఇంజన్ డ్రైవరు అక్కని. బావా బావమరుదులు ఒకరితో ఒకరు సరసాలాడుకోవాలని లోకం రివాజు. వీళ్ళిద్దరూ ఇరవై ఏళ్ళుగా మాటలే ఆడుకోలేదు.

కారణం గంట. పైనున్న సరంగుకి కింద ఏం జరుగుతుందో కనబడదు, కిందున్న డ్రైవరుకి నదే కనబడదు. అందుకని తాడు లాగి గంట కొట్టడం ఏర్పాటు. ఒకటి కొడితే ముందుకి. రెండు కొడితే ఆపు. మూడు కొడితే వెనక్కి. నాలుగు కొడితే ఈ పూటకి ఇంజన్‌తో పనైపోయిందని. కింద డ్రైవరు పానాతో పైపు మీద అన్నే దెబ్బలు తిరిగి కొట్టాలి, విన్నానని చెప్పడానికి. ఒకసారి వరద తీసిన తర్వాత లాంచి ఇసుక మేట ఎక్కింది. మూడు కొట్టానని సరంగు. రెండే వినబడ్డాయని డ్రైవరు. విచారణలో ఇద్దరూ అదే రాసిచ్చారు. ఎవరి మాటా రుజువు కాలేదు. ఆ రోజు నుంచి ఇద్దరూ మాటలు మానేశారు. ఉద్యోగం మానలేదు. అక్క ఉన్నన్నాళ్ళూ భోజనాల దగ్గర "ఆయనకి మజ్జిగ కావాలిట", "వాడికి చాలుట" అని దుబాసీ పని చేసింది. ఆవిడ పోయాక మిగిలింది గంట. పైనుంచి కొడితే కిందనుంచి కొట్టేవాడు. లాంచితో పాటు అదీ పోయింది.

మాస్టారు ముందు ఇంజన్ డ్రైవరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన గుమ్మంలోనే అడ్డంగా నిలబడి ఒక్క షరతు పెట్టాడు.

"ఏం అడిగినా చెబుతాను. ఆయనతో నేను మాట్లాడినట్టు మాత్రం చూపించకూడదు. సినిమా వాళ్ళు ఏదైనా చేస్తారు. మాటివ్వు."

"ఇచ్చాను బాబాయ్‌గారూ. ఇచ్చిన మాట నా దగ్గర భద్రం. నేను మాటల వ్యాపారిని."

"వ్యాపారివనే భయం," అన్నాడాయన. అని లోపలికి రానిచ్చాడు.

ఆ తర్వాతి వారం నది అవతలి గట్టున సరంగుతో. ఆయన షరతులేమీ పెట్టలేదు, కుర్చీ మాత్రం నదికి వీపు పెట్టి వేసుకున్నాడు. రెండిళ్ళ మధ్యా ఇప్పుడు వంతెన ఉంది. దాటేవాడే లేడు.

టైపు చేయించేటప్పుడు మాస్టారు రెండు సూచనలిచ్చాడు. దగ్గులూ నసుగుళ్ళూ కుర్చీ చప్పుళ్ళూ వద్దు. తన ప్రశ్నలు అసలే వద్దు, అవి జవాబులకన్నా పొడుగు, సగం పేజీలు తన జోకులే మింగేస్తాయి. అలా పేజీలన్నీ శుభ్రంగా వచ్చాయి, చేపలో ముల్లు తీసినట్టు.

నేల మీద పరిచాక గొడవ మొదలైంది. పాత రోజులు బాగా కుదిరాయి, ఇసుక మేట ఇంకా బాగా కుదిరింది. ఆఖరి రోజు దగ్గర మాత్రం సినిమా కూడా మేటెక్కింది. సరంగు పసుపు చీలిక ఇదీ:

"ఆఖరి ట్రిప్పు అయింది. జనం దిగారు. తాడు పట్టుకుని నాలుగు కొట్టాను. కిందనుంచి జవాబు రాలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అలా జరగలేదు. మళ్ళీ కొడదామనుకున్నాను. మళ్ళీ కొడితే ఎనిమిదవుతుంది. ఎనిమిదికి మా దాంట్లో అర్థం లేదు. దిగి వెళ్ళిపోయాను."

దానికి జవాబుగా ఉన్నది ఒక్క నీలం చీలిక, వేలెడంత:

"కొట్టాడు. విన్నాను."

అంతే. విన్నాడట, కొట్టలేదట. మాస్టారు ఆ రెండు చీలికలూ పక్కపక్కన పెట్టి చదివితే గదిలో ఎవరో తలుపు ధడాలున వేసినట్టుండేది. సినిమా అలా ముగిస్తే చూసినవాడు ఇంటికెళ్ళి అన్నం తినలేడు.

ఒక పొద్దున్న కాఫీ తాగుతూ ఆయన ఊరికే ఒక పసుపు ముక్కా ఒక నీలం ముక్కా జరిపాడు. "కింద వాడున్నాడనే ధైర్యంతో పైన నిలబడేవాణ్ణి" అన్న సరంగు మాట పక్కన "తాడు మీద చెయ్యి పడితే చాలు, నాకు కింద తెలిసిపోయేది" అన్న డ్రైవరు మాట పెట్టాడు. అవి ఒకదానికొకటి జవాబుల్లా ఉన్నాయి. ఇంకో రెండు జరిపాడు. "తప్పు నాదే అయ్యుండొచ్చు," అంది పసుపు. "పోనిద్దూ, అయిపోయిందేదో అయిపోయింది," అంది నీలం.

మాస్టారు కాఫీ కింద పెట్టాడు. మళ్ళీ చదివాడు, సరంగుకి బొంగురు గొంతు పెట్టి, డ్రైవరుకి ముక్కు గొంతు పెట్టి. ఇరవై ఏళ్ళ మౌనం ఆయన హాల్లో, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా చెంచాలు బరువు పెట్టిన కాగితాల మీద, టప్పున విడిపోయింది.

అప్పట్నుంచీ ఆయనకి రోజూ ఇంట్లో మనుషులున్నారు. పొద్దున్నే లేచి వాళ్ళని పలకరించేవాడు. కూర మాడిందని వాళ్ళకే చెప్పేవాడు. ఒక ముక్క ఇటు జరిపితే బావమరిది మెత్తబడేవాడు, అటు జరిపితే బావ అలిగేవాడు. పేపర్ ఎడిట్ ఎప్పుడో పూర్తయింది. అయినా ఎడిటరమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకో రెండు ముక్కలు జరపాలమ్మాయ్" అని వాయిదా వేసేవాడు. చుట్టాలు ఉంటానంటే వెళ్ళమంటామా?

చివరికి ఎడిటరమ్మే ఒక మధ్యాహ్నం వచ్చేసింది. చెప్పులు విప్పి, గుమ్మంలోంచి హాలు నాలుగు మూలలా చూసింది.

"ఎక్కడ అడుగు పెట్టాలి మాస్టారూ?"

"గోడవారన రా. బావమరిదిని తొక్కకు, కోపిష్టి."

ఇద్దరూ నేల మీద కూర్చుని చదివారు. ఆవిడ సరంగు, ఆయన డ్రైవరు. గడియారం మధ్యలో పెట్టుకున్నారు. ఆవిడ ఎవరి గొంతూ పెట్టలేదు, మామూలుగా చదువుకుంటూ పోయింది. ఆ గదిలో తనది కాని గొంతు ఒకటి జవాబు చెబుతుంటే మాస్టారికి రెండుసార్లు తన వంతు తప్పిపోయింది. ఆవిడ కళ్ళెత్తి చూసి ఆగింది, ఆయన తడబడి అందుకున్నాడు.

"తప్పు నాదే అయ్యుండొచ్చు," అని ఆవిడ చదివింది.

"పోనిద్దూ, అయిపోయిందేదో అయిపోయింది," అన్నాడు మాస్టారు, ముక్కుతో.

ఆవిడ గడియారం చూసి నిమిషాలు రాసుకుంది.

"బాగుంది మాస్టారూ. ఏడిపించేస్తుంది."

"చెప్పానా."

"ఈ 'తప్పు నాదే' అన్నది సరంగు దేని గురించి అన్నాడు?"

మాస్టారు చెంచా సర్దాడు. "లాంచిని అమ్మకుండా పెద్దవాళ్ళ దగ్గరికెళ్ళి అడగలేదు కదా, దాని గురించి."

"మరి ఈయన 'పోనిద్దూ'?"

"ఆ రోజు నా కారు ఆయన పూలకుండీకి తగిలింది. క్షమించమన్నాను."

ఆవిడ నవ్వాపుకోవాలని చూసింది, ఆగలేదు. మాస్టారూ నవ్వాడు. నవ్వు అయిపోయాక గదిలో ఫ్యాను చప్పుడు మిగిలింది.

"ఒక్క మాట కూడా నేను పుట్టించలేదమ్మాయ్," అన్నాడాయన. "ప్రతి అక్షరం వాళ్ళదే."

"ముక్కలు వాళ్ళవే. అతుకు మీది."

"అందరూ అతుకుతారు. అతక్కపోతే సినిమా ఎక్కడుంది?"

"అతుకుతారు. కానీ మీరు ఆయనకి మాటిచ్చారట కదా, మాట్లాడినట్టు చూపించనని. నాకు మీరే చెప్పారు. వ్యాపారినన్నారట." ఆవిడ పసుపు చీలికలు వరస చెదరకుండా కిందపెట్టింది. "నేను చెయ్యనంటే మీరు ఇంకొకరితో చేయించుకోగలరు. అందుకే చెయ్యనని అనడం లేదు. ఆయన ఈ సినిమా చూస్తాడు. అప్పుడు ఆయన పక్కన మీరు కూర్చోగలిగితే చెప్పండి, రేపే మెషీన్ తెరుస్తాను."

ఆవిడ వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "కుండీ కొత్తది కొనిచ్చారా?" అంది.

"కొనిచ్చాను."

"పోనిద్దూ," అని మెట్లు దిగిపోయింది.

మాస్టారు ఆ సాయంత్రం ముక్కల మధ్య ఊరికే కూర్చున్నాడు. ముక్కు గొంతు పెట్టి "పోనిద్దూ" అని మొదలెట్టాడు. అది పూలకుండీ అని తెలిశాక గొంతు నిలబడలేదు. ఆయనకి ముందే తెలుసు, నిజమే. కానీ తనకి తెలియడం వేరు, గదిలో ఇంకొకరికి తెలియడం వేరు.

వంగి ఆ అతుకులు ఒక్కొక్కటే తీశాడు. "కింద వాడున్నాడనే ధైర్యం" వెనక్కి వెళ్ళి పాత రోజుల్లో పడింది. "తప్పు నాదే" లాంచి అమ్మకంలోకి పోయింది. "పోనిద్దూ" చెత్తబుట్టలోకి. పసుపు ఒక పక్కా నీలం ఒక పక్కా అయ్యేసరికి హాలు మధ్యలో గచ్చు కనబడింది, నది లాగా. ఇద్దరూ మాట్లాడ్డం మానేశారు. ఆయన ఆ పూట వంట చేసుకోలేదు. ఎవరికి చెప్పాలి, ఏం మాడిందని?

మర్నాడు పొద్దున్న బీరువాలోంచి అసలు ప్రతి తీశాడు. ముగింపు కావాలి. ఉన్న చీలికల్లో లేదు. కొయ్యని మాటల్లో ఏదైనా మిగిలిందేమోనని డ్రైవరు పేజీలన్నీ మొదట్నుంచీ చదవడం మొదలెట్టాడు. చదువుతుంటే ఒకటి తట్టింది: ఇన్ని పేజీల్లో ఆ మనిషి ఒక్కసారి కూడా "బావ" అనలేదు. ఆయన, ఆ మనిషి, పైనున్నాయన. అంతే.

ఆఖరి రోజు పేజీ వచ్చింది. "కొట్టాడు. విన్నాను." దాని కింద వరసలోనే "ఇంజన్ని ముక్కలు కోసి తీసుకెళ్ళారట, నేను చూడ్డానికి వెళ్ళలేదు." మాస్టారు చూపు అలవాటుగా ఎడమ అంచుకి వెళ్ళింది. మొదటి మాట దగ్గర నలభై ఒకటో నిమిషం. రెండోదాని దగ్గర నలభై మూడో నిమిషం.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. రెండు మాటలు అనడానికి రెండు నిమిషాలు ఎంత నసిగేవాడికైనా పట్టవు. ముక్కలుగా కోసినప్పుడు ఆ రెండు వాక్యాలూ రెండు చీలికలైపోయాయి, మధ్యనున్న కాలం కత్తెర సందులోంచి జారిపోయింది. మాట లేనిచోట కాగితం మీద ఏమీ ఉండదు. అంకెలు మాత్రం అబద్ధమాడలేదు. ఆ రెండు నిమిషాలు ఎక్కడికి పోయాయి?

ఎడిటింగు కంప్యూటరు ఇంకా తెరవలేదు. కానీ అంకెలు బొమ్మ మీదే వేసిన కాపీ ఒకటి ఆయన ల్యాప్‌టాప్‌లో ఉంటుంది, ఇలాంటి అనుమానాలు తీర్చుకోడానికి. నలభై ఒకటో నిమిషానికి జరిపి నొక్కాడు.

డ్రైవరు కుర్చీలో ఉన్నాడు. చొక్కాకి మైకు. ఎడమ చెయ్యి ఒళ్ళో ఉంది, కుడి చేతిలో స్టీలు గ్లాసు, బొమ్మ అంచున సగమే కనబడుతోంది. "కొట్టాడు," అన్నాడు. "విన్నాను." తర్వాత నేల కేసి చూస్తూ ఉండిపోయాడు. చాలాసేపు. ఎవరూ మాట్లాడలేదు. ఎక్కడో కుళాయి కారుతోంది. మాస్టారికి అప్పటి తన మనసు గుర్తొచ్చింది: ఈయన ఇంకేమీ చెప్పేలా లేడు, తర్వాతి ప్రశ్న ఏమిటా అని కాగితం వెతుక్కుంటున్నాడు తను.

అప్పుడు గ్లాసు మీద ఉంగరం తగిలింది. టంగ్.

కాస్త ఆగి, టంగ్. ఇంకోటి. ఇంకోటి.

మైకులో స్పష్టంగా పడింది. వేళ్ళు ఊరికే ఆడుకునే చప్పుడు కాదది. ఒకదానికొకటి సమంగా ఎడం ఉంచి కొట్టిన నాలుగు దెబ్బలు. వెంటనే బొమ్మ అవతల నుంచి మాస్టారి గొంతు, హుషారుగా: "బాబాయ్‌గారూ, ఆ గ్లాసు కాస్త పక్కన పెట్టండి, చప్పుడు మైకులో పడుతోంది. జలతరంగిణి తర్వాత వాయిద్దురుగాని."

డ్రైవరు గ్లాసు కింద పెట్టేశాడు. ఇంజన్ని ముక్కలు కోసి తీసుకెళ్ళారని చెప్పడం మొదలెట్టాడు.

మాస్టారు ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ విన్నాడు. ఆ రోజుకి ఆయనకి గంటల లెక్క తెలీదు. నాలుగుకి అర్థం చెప్పింది సరంగు, ఆ తర్వాతి వారం. టైపు చేసినవాళ్ళు చప్పుడు రాయలేదు, రాయొద్దంది తనే. బావ అడిగిన దానికి బావమరిది ఆలస్యంగా, ఆయన లేని ఇంట్లో, జవాబు చెప్పేశాడు. అది విన్నవాడు జలతరంగిణి అన్నాడు.

ఆయన కొత్త నీలం కాగితం ఒకటి తీశాడు. ఒక చీలిక కోశాడు. దాని మీద ఏం రాయాలో చాలాసేపు తేలలేదు. జీవితంలో మాటలకి కరువు లేనివాడు, చివరికి "మాటల్లేవు. గ్లాసు. నాలుగు" అని రాసి, వెనక అంకెలు వేసి, సరంగు ఆఖరి పసుపు చీలికా, "కొట్టాడు. విన్నాను." చీలికా ఉన్న వరస కింద పెట్టాడు. దాని తర్వాత ఇంకేమీ పెట్టలేదు.

అది ఇచ్చిన మాట తప్పడం అవుతుందా కాదా? మాట్లాడినట్టు చూపించొద్దన్నాడు. మాట్లాడలేదు. కోర్టులో ఈ వాదన నెగ్గుతుంది, సందేహం లేదు. కానీ ఆయన కోర్టుకి వెళ్ళలేదు, బస్సెక్కి ఇంజన్ డ్రైవరు ఇంటికి వెళ్ళాడు.

కుండీలో మొక్క నిలదొక్కుకుంది. డ్రైవరు తలుపు తీసి, "కారు తేలేదు కదా?" అన్నాడు.

"కుండీ మీద భయంతో బస్సులో వచ్చాను బాబాయ్‌గారూ."

లోపల ఒకటే కుర్చీ. మాస్టారు మంచం అంచున కూర్చుని, చీలికలు వరసగా అంటించిన కాగితాలు తీసి, ఆఖరి రోజు భాగం చదివాడు. ఏ గొంతూ పెట్టలేదు. సరంగు మాట చదివాడు: తాడు, నాలుగు, జవాబు రాకపోవడం, ఎనిమిదికి అర్థం లేకపోవడం. డ్రైవరు వింటూ గోడ కేసి చూస్తున్నాడు.

"ఎనిమిదవుతుందని ఆగిపోయాడా," అన్నాడు నెమ్మదిగా.

"అలాగే చెప్పాడు."

"కొట్టుంటే రెండోసారికి నేను కొట్టేవాణ్ణే. పానా చేతిలోనే ఉంది. ఇది కొడితే ఇంక ఉండదు కదా అనుకుని కాసేపు ఆగాను. అంతే, ఆగాను. ఇంతలో పైన అడుగుల చప్పుడు, దిగిపోయాడు."

మాస్టారు ఏదో అనబోయి మానేశాడు. నోరు మూసుకోవడం ఆయనకి కొత్త విద్య.

"తర్వాత మీ మాట ఉంది. 'కొట్టాడు. విన్నాను.' దాని కింద ఇది." నీలం చీలిక చూపించాడు. "మీరు గ్లాసు మీద కొట్టారు. నేను అప్పుడు గ్రహించలేదు. మాట్లాడినట్టు చూపించనని మాటిచ్చాను, ఇది ఉంచాలా వద్దా మీరు చెప్పాలి. తీసెయ్యమంటే ఇక్కడే చింపేస్తాను."

డ్రైవరు చీలిక అందుకుని దూరంగా పెట్టి చదివాడు.

"నాలుగేనా?"

"నాలుగే."

"సరిగ్గా విన్నావా?"

"చాలాసార్లు విన్నాను."

"నీ దగ్గర రికార్డుంది కాబట్టి నాలుగంటే నాలుగే. అదృష్టవంతుడివి." ఆయన నవ్వలేదు. "ఆ రోజు ఇసుకలో నా దగ్గర చెవులే ఉన్నాయి. ఆయన దగ్గర చెయ్యే ఉంది."

కుళాయి ఇంకా కారుతూనే ఉంది. ఆయన లేచి వెళ్ళి కట్టేయాలని చూశాడు, అది ఆగలేదు, తిరిగొచ్చి కూర్చున్నాడు.

"దీని తర్వాత ఏం పెట్టావు?"

"ఏమీ లేదు. నది. తర్వాత అయిపోయింది."

"మేమిద్దరం కౌగిలించుకోవడం అవీ?"

"లేవండి."

"అయితే ఉంచు." చీలిక తిరిగిచ్చాడు. మాస్టారు గుమ్మం దాటాక వెనకనుంచి పిలిచాడు. "ఇదిగో. ఆ చప్పుడు కాస్త గట్టిగా పెట్టు. బావకి ఈమధ్య సరిగ్గా వినబడ్డం లేదట."

మాస్టారు తల ఊపాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ వాక్యం ఎవరికైనా చెప్పాలనుకున్నాడు. పక్క సీటాయన నిద్రపోతున్నాడు.

ఇంటికొచ్చి రెండు నిలువు గళ్ళ కాగితం మీద అంతా ఎక్కించాడు: ఎడమ గడిలో కనబడేది, కుడి గడిలో వినబడేది, పక్కన అంకెలు. ఎడిటరమ్మకి ఫోన్ చేశాడు.

"మెషీన్ తెరవొచ్చమ్మాయ్. ఆఖర్న ఒక చప్పుడుంది, పెంచాలి. దాని వెనకే నా గొంతుంది."

"అది ముందే కోసేస్తాను మాస్టారూ."

"కొయ్యి. ఇన్నాళ్ళూ నేను అందరి గొంతులూ కోశాను."

కాగితాలు పంపించేశాక హాలు ఊడ్చాడు. చెంచాలు వంటింట్లో పెట్టాడు. మిగిలిన ముక్కలు, పసుపువీ నీలంవీ, ఒక సంచిలో కుక్కి గుమ్మం పక్కన పెట్టాడు. గచ్చంతా ఒకేసారి కనబడేసరికి ఇల్లు పెద్దదైనట్టనిపించింది. ఫ్యాను మూడో నంబరు మీద తిరుగుతోంది.

పొద్దున్న పాల ప్యాకెట్ల దగ్గర పక్కింటావిడ ఆగింది.

"ఇల్లంతా చడీచప్పుడూ లేదు. వెళ్ళిపోయారా మీ వాళ్ళు?"

"వెళ్ళిపోయారమ్మా."

"కలిసే వెళ్ళారా?"

మాస్టారు ప్యాకెట్ అటూ ఇటూ మార్చుకున్నాడు. జోకు ఒకటి నోటిదాకా వచ్చింది. దాన్ని రానివ్వలేదు.

"ఎవరి ఇంటికి వాళ్ళు," అన్నాడు.

ఆవిడ "అయ్యో" అనలేదు. తలుపు కూడా వెంటనే వెయ్యలేదు. ఆయన ఇంకేమైనా చెబుతాడేమోనని కాసేపు అలా నిలబడింది.